ఎక్కువైనా కాదంటుంది, తక్కువైనా కాదంటుంది

ప్రభుత్వ రంగ బ్యాంకుల ఉద్యోగాలకు ఐబీపీఎస్ ద్వారా దరఖాస్తు పెట్టేవాళ్లు పేరు, పుట్టిన తేదీ, చదువు, కేటగిరీ అన్నీ ఓపిగ్గా నింపుకుంటూ వచ్చి చివరికి ఒక పేజీ దగ్గర ఆగిపోతారు. అది ఫోటో, సంతకం అప్‌లోడ్ చేసే పేజీ. ఫోన్‌లో ఉన్న మంచి ఫోటో పెడితే సైజు ఎక్కువైందని ఎర్ర అక్షరాలు వస్తాయి. ఏదో యాప్‌తో తగ్గించి మళ్లీ పెడితే ఈసారి తక్కువైందంటుంది. చివరి తేదీ రాత్రి ఇలా అయితే చేతులు వణుకుతాయి. వంద రూపాయలు తీసుకుని నెట్ సెంటర్ అబ్బాయి ఏదో ఒకటి చేసి ఎక్కిస్తాడు. అలా ఎక్కిన ఫోటోలో ముఖం పక్కలకు సాగిపోయి ఉందని హాల్‌టికెట్ వచ్చాక గానీ తెలియదు.

ఈ పని కష్టమైనది కాదు. కానీ కేబీలు ఎక్కడినుంచి వస్తాయో తెలియకుండా చేస్తే గుడ్డిగా తడుముకున్నట్టే ఉంటుంది. అందుకే ఈ ఒక్క ఫారాన్నే పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ఇది పట్టుబడితే మిగతా ఫారాల్లో అంకెలు మారతాయే తప్ప పద్ధతి మారదు.

ఐబీపీఎస్ నోటిఫికేషన్లు అడుగుతూ వస్తున్న కొలతలు ఇవి. ఫోటో 200 × 230 పిక్సెళ్లు, బరువు 20 నుంచి 50 కేబీ మధ్య. సంతకం 140 × 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ మధ్య. రెండూ జేపీజీ రూపంలో ఉండాలి. మీరు దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్‌లో ఈ అంకెలు ఒకసారి సరిచూసుకోండి. ఇక్కడ రెండు వేర్వేరు కొలతలున్నాయని గమనించాలి. పిక్సెళ్లు బొమ్మ వెడల్పు, ఎత్తు చెబుతాయి. కేబీ ఆ ఫైలు ఎంత చోటు తీసుకుంటుందో చెబుతుంది. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

రంగుల బొమ్మలో ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు కావాలి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కొక్కటి. ఫోన్ కెమెరా తీసే 12 మెగాపిక్సెల్ ఫోటోలో సుమారు 4000 × 3000, అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లుంటాయి. దాన్ని యథాతథంగా దాచాలంటే మూడు కోట్ల అరవై లక్షల బైట్లు కావాలి. జేపీజీ పద్ధతి కంటికి అంతగా తెలియని సూక్ష్మమైన తేడాలను వదిలేసి దాన్ని మూడు నాలుగు ఎంబీలకు దింపుతుంది. ఎంత వదిలేయాలో చెప్పేదే క్వాలిటీ అనే అంకె. అంటే ఫైలు బరువును నిర్ణయించేవి ముఖ్యంగా రెండు: ఎన్ని పిక్సెళ్లున్నాయి, క్వాలిటీ ఎంత పెట్టాం. మన చేతిలో ఉన్న మీటలు ఈ రెండే.

కంప్రెస్ చేసే యాప్‌లు చాలావరకు రెండో మీటనే లాగుతాయి. నాలుగువేల పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోను అలాగే ఉంచి క్వాలిటీని అట్టడుగుకు తోస్తే, 50 కేబీకి వచ్చేసరికి ముఖమంతా చదరపు గళ్లుగా విరిగిపోతుంది. ముందు అక్కర్లేని భాగం కత్తిరించాలి, తర్వాత పిక్సెళ్లు తగ్గించాలి, క్వాలిటీ జోలికి అన్నిటికంటే చివర వెళ్లాలి. ఈ వరస తప్పకపోతే ఫోటో చెడదు.

ఫోటోతో మొదలుపెడదాం. ఒకమ్మాయి తెల్లగోడ ముందు నిలబడి ఫోన్‌తో ఫోటో తీయించుకుంది, లేదా స్టూడియోలో తీసిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఆమె దగ్గరుంది. ఇక్కడ నోటిఫికేషన్‌లోనే ఒక మెలిక ఉంది. అందులో ఫోటో కొలత 4.5 సెం.మీ. × 3.5 సెం.మీ. అని కూడా రాస్తారు. మూడున్నర వెడల్పు, నాలుగున్నర ఎత్తు. కానీ 200 × 230 పిక్సెళ్ల నిష్పత్తి అది కాదు. వెడల్పు మూడున్నర సెంటీమీటర్లయితే పిక్సెళ్ల లెక్క ప్రకారం ఎత్తు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకే ఉండాలి. స్టూడియో ఫోటోను ఉన్నదున్నట్టు 200 × 230లోకి నొక్కేస్తే ముఖం ఎత్తుతో పోలిస్తే పదకొండు శాతానికి పైగా వెడల్పవుతుంది. హాల్‌టికెట్ల మీద బుగ్గలు ఉబ్బినట్టు కనబడే ఫోటోలకు ఒక కారణం ఇదే. ముఖం పోల్చి చూసే ఇన్విజిలేటర్ ముందు ఇబ్బంది పడేది మనమే.

కాబట్టి నొక్కకూడదు, కత్తిరించాలి. అడుగున భుజాల వైపు అర సెంటీమీటరుకు కొద్దిగా తక్కువ తీసేస్తే నిష్పత్తి కుదురుతుంది. కంప్యూటర్‌లో పెయింట్ తెరిచి సెలెక్ట్ పరికరంతో ముఖం చుట్టూ గీస్తుంటే, ఎన్ని పిక్సెళ్లు ఎంచుకున్నామో కింది పట్టీలో అంకెలు కదులుతుంటాయి. వెడల్పు 1000 అయితే ఎత్తు 1150, వెడల్పు 1200 అయితే ఎత్తు 1380 ఉండేలా చూసుకుని `Crop` నొక్కాలి. తర్వాత `Resize` తెరిచి, శాతాలు కాకుండా `Pixels` ఎంచుకుని, నిష్పత్తి మారకుండా ఉంచే గుర్తు పెట్టి ఉందో లేదో చూసి, వెడల్పు 200 అని కొట్టాలి. కత్తిరింపు సరిగ్గా ఉంటే ఎత్తు దానంతటదే 230 అవుతుంది. 230 కాకుండా 257 వచ్చిందంటే కత్తిరించకుండా వచ్చేశారని అర్థం.

ఇప్పుడు సేవ్ చేస్తే రెండో దెబ్బ తగులుతుంది. 200 × 230 అంటే 46,000 పిక్సెళ్లు. మూడుతో గుణిస్తే 1,38,000 బైట్లు, సుమారు 135 కేబీ. ఇది అసలేమీ తగ్గించనప్పటి బరువు. వెనక సాదా గోడ ఉన్న ఫోటోను మామూలు క్వాలిటీతో జేపీజీగా సేవ్ చేస్తే అది తరచు 20 కేబీ లోపలికే పడిపోతుంది. ఫారం ‘తక్కువైంది’ అనేది అందుకే. పెయింట్‌లో క్వాలిటీ మార్చుకునే వీలు లేదు. దీనికి `squoosh.app` అనే ఉచిత పేజీ బాగా పనికొస్తుంది. కత్తిరించిన పెద్ద ఫోటోను (చిన్నది చేసినదాన్ని కాదు) అందులో వేసి, కుడివైపు `Resize`లో 200, 230 ఇచ్చి, రకంగా `MozJPEG` ఎంచుకుంటే, `Quality` మీటను జరుపుతున్నకొద్దీ ఫైలు ఎన్ని కేబీలవుతుందో కిందనే కనబడుతుంది. సాధారణంగా 75 దగ్గర ఉండే ఆ మీటను 95 దాకా తీసుకెళితే బరువు 20 దాటే అవకాశం ఎక్కువ. 30, 40 మధ్య ఆపండి. అంచుల మీద ఆపితే ఏం జరుగుతుందో కాసేపట్లో చెబుతాను.

నేను ఈ పేజీనే ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో ఫోటో ఏ సర్వర్‌కూ వెళ్లదు, పనంతా మీ బ్రౌజర్‌లోనే జరుగుతుంది. ‘20 కేబీకి తగ్గించండి’ అని వెతికితే దొరికే సైట్లలో చాలావాటికి మీ ఫైలు అప్‌లోడ్ అవుతుంది. మీ ముఖం, మీ సంతకం, ఒక్కోసారి మీ ఆధార్ కార్డు, మూడూ కలిసి ఎవరిదో తెలియని కంప్యూటర్‌లోకి చేరడం చిన్న విషయం కాదు.

ఫోటో కంటే సంతకం ఎక్కువమందిని ఏడిపిస్తుంది. లెక్క చూస్తే కారణం వెంటనే తెలుస్తుంది. 140 × 60 అంటే 8,400 పిక్సెళ్లు. ఏమీ తగ్గించకుండా మూడేసి బైట్ల చొప్పున రాసినా 25,200 బైట్లు, అంటే 25 కేబీ కూడా లేదు. ఫారం మాత్రం కనీసం 10 కేబీ కావాలంటుంది. తెల్లకాగితం మీద నల్లసిరా గీతలో దాచాల్సిన వివరమే పెద్దగా ఉండదు కాబట్టి ఆ బొమ్మ జేపీజీలో మూడు నాలుగు కేబీలకు సర్దుకుంటుంది. కొలత సరిగ్గా పాటించినవాడికే బరువు చాలదన్న మాట. తప్పు మీది కాదు, ఆ రెండు షరతులే ఒకదానితో ఒకటి సరిగా పొసగవు.

దారి నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ కొలత పక్కన ‘ప్రిఫర్డ్’ అని ఉంటుంది, అంటే అలా ఉంటే మంచిదని, అంతే ఉండి తీరాలని కాదు. అందుకని నిష్పత్తి చెదరకుండా పిక్సెళ్లు పెంచుకోవచ్చు. రెట్టింపు చేస్తే 280 × 120, మూడింతలు చేస్తే 420 × 180. మూడింతల బొమ్మలో 75,600 పిక్సెళ్లుంటాయి, తగ్గించకముందు బరువు 221 కేబీ. దాన్ని మంచి క్వాలిటీతో సేవ్ చేస్తే 10, 20 కేబీల మధ్యకు తేవడం సులువు. ముందు 280 × 120 వేసి క్వాలిటీ 95 పైన పెట్టి చూడండి, 10 దాటకపోతే 420 × 180కి వెళ్లండి. కాకపోతే ఇది అసలు ఫోటో నుంచి చేయాలి. అప్పటికే 140 × 60కి కుదించిన బొమ్మను సాగదీస్తే కేబీలు పెరుగుతాయి గానీ సంతకం మసకబారుతుంది. కొన్ని ఇతర ఫారాలు పిక్సెళ్లు కచ్చితంగా ఇంతే ఉండాలని కట్టుదిట్టం చేస్తాయి. అక్కడ పిక్సెళ్లు పెంచే వీల్లేదు, క్వాలిటీ మీటను 100కు చేర్చి చూడటమే మిగులుతుంది.

సంతకం ఫోటో తీసేటప్పుడే సగం పని అయిపోతుంది. గీతలు లేని తెల్లకాగితం మీద నల్ల పెన్నుతో, ఎప్పుడూ పెట్టేలాగే సంతకం పెట్టండి. ఐబీపీఎస్ ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల్లో పెట్టిన సంతకాన్ని ఒప్పుకోదు. పరీక్ష రోజు హాజరు పట్టికలో పెట్టేదానితో ఇది కలవాలి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫోన్ నీడ కాగితం మీద పడకుండా నేరుగా పైనుంచి తీసి, సంతకం అంచుల దాకా కత్తిరించండి. కాగితం నాలుగో వంతు కూడా ఆక్రమించని సంతకాన్ని అలాగే కుదిస్తే, తెరమీద మిగిలేది ఒక నల్లచుక్క.

ఎడమ బొటనవేలి ముద్ర 240 × 240 పిక్సెళ్లు, చేతిరాత డిక్లరేషన్ 800 × 400 పిక్సెళ్లు అని అడుగుతూ వాటి పక్కన 200 డీపీఐ అని రాస్తారు. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలని. 240ని 200తో భాగిస్తే 1.2 అంగుళాలు, అంటే మూడు సెంటీమీటర్లు. స్కానర్‌తో తీసేవాళ్లకు ఇది అవసరం: మూడు సెంటీమీటర్ల చతురస్రాన్ని 200 డీపీఐలో స్కాన్ చేస్తే 240 పిక్సెళ్లు వాటంతటవే వస్తాయి. ఫోన్‌తో తీసేవాళ్లు పిక్సెళ్లు చూసుకుంటే చాలు. ఫైలులో డీపీఐ అంకె ఒక్కటే మార్చినంతమాత్రాన బొమ్మా మారదు, బరువూ తగ్గదు.

కొలతలన్నీ సరిపోయాక కూడా ‘ఫార్మాట్ చెల్లదు’ అని వస్తే చూడాల్సింది ఫైలు రకం. ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫోటోలను హెచ్ఈఐసీ అనే రకంలో దాస్తున్నాయి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఈ ఏర్పాటు ఆన్ చేసి ఉండవచ్చు. ఈ రకాన్ని చాలా ఫారాలు తీసుకోవు. అప్పుడు చాలామంది చేసే పని ఫైలు పేరు చివర `.heic` తీసేసి `.jpg` అని రాయడం. పేరు మారింది, లోపల ఉన్నది మారలేదు. జేపీజీ ఫైలు మొదటి బైట్లు ఒక రకంగా ఉంటాయి, పీఎన్‌జీవి మరో రకంగా ఉంటాయి, పీడీఎఫ్ అయితే `%PDF` అనే అక్షరాలతోనే మొదలవుతుంది. సర్వర్ పేరు చివరి అక్షరాలతో ఆగకుండా ఆ మొదటి బైట్లు కూడా చూస్తే దొరికిపోతాం. చూడకపోతే ఇంకా ప్రమాదం, ఫైలు ఎక్కేస్తుంది గానీ ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ గడి మిగులుతుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్ దాకా వెళ్లి `Most Compatible` పెట్టి ఫోటో మళ్లీ తీయడం సరైన పద్ధతి. ఉన్న ఫోటోనే వాడాలంటే ఏదైనా ఎడిటర్‌లో తెరిచి జేపీజీగా ‘సేవ్ యాజ్’ చేయాలి.

పేరు మారిస్తే సరిపోయే సందర్భం కూడా ఒకటుంది. వెబ్ పేజీల నుంచి దించుకున్న ఫోటో కొన్ని కంప్యూటర్లలో `.jfif` అని సేవ్ అవుతుంది. అది లోపల జేపీజీయే, పేరొక్కటే వేరు. దాన్ని `.jpg` అని మార్చుకోవచ్చు. `.jpeg` కూడా అంతే. మరో పొరపాటు విండోస్ వల్ల వస్తుంది. అది పేరు చివరి భాగాన్ని దాచి చూపిస్తుంది కాబట్టి, మనం మళ్లీ `.jpg` తగిలిస్తే అసలు పేరు `photo.jpg.jpg` అవుతుంది. ఫోల్డర్ వ్యూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే ఇది బయటపడుతుంది. ఫైలు పేరులో ఖాళీలు, బ్రాకెట్లు, తెలుగు అక్షరాలు లేకుండా ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాలు, అంకెలతో పెట్టుకోండి.

అంచుల మీద ఆపవద్దని ఇందాక అన్నాను. విండోస్ 1,024 బైట్లను ఒక కేబీగా లెక్కిస్తుంది. ఫోన్లు ఎక్కువగా వెయ్యి బైట్లను ఒక కేబీ అంటాయి. 50,412 బైట్లున్న ఫైలు విండోస్‌లో 49.2 కేబీ అని కనబడుతుంది, వెయ్యి లెక్కన చూసే సైట్‌లో అది యాభై దాటింది. ‘49 ఉన్నా ఎందుకు తీసుకోదు’ అని తలపట్టుకునేది ఇక్కడే. పైగా విండోస్ ప్రాపర్టీస్‌లో `Size`, `Size on disk` అని రెండు అంకెలుంటాయి, చూడాల్సింది మొదటిది.

ఫోటోను ఫోన్ నుంచి నెట్ సెంటర్ కంప్యూటర్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది తనవంతుగా కుదించేస్తుంది. కుదించినదాన్ని మనం మళ్లీ కుదిస్తాం. జేపీజీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, పోయింది తిరిగి రాదు. అటాచ్‌లో ‘డాక్యుమెంట్’గా పంపితే అసలు ఫైలే వెళుతుంది.

ఇక పీడీఎఫ్. స్కాలర్‌షిప్పులు, అడ్మిషన్లు, పెన్షన్ దరఖాస్తుల్లో కుల, ఆదాయ ధ్రువపత్రాలు 200 కేబీ, 500 కేబీ లోపు పీడీఎఫ్‌గా ఇవ్వమంటారు. ఫోన్‌తో తీసిన ఫోటోను పీడీఎఫ్‌గా మారిస్తే బరువు తగ్గుతుందని కొందరనుకుంటారు. పీడీఎఫ్ ఒక కవరు లాంటిది, లోపల పెట్టిన బొమ్మ నాలుగు ఎంబీలుంటే కవరూ అంతే ఉంటుంది. తగ్గాల్సింది లోపలి బొమ్మ.

ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే 2480 × 3508, అంటే 87 లక్షల పిక్సెళ్లు. 150 డీపీఐలో 1240 × 1754, దాదాపు 22 లక్షలు. డీపీఐ సగానికి తగ్గితే పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోతాయి. రంగుల్లో కాకుండా గ్రే స్కేల్‌లో తీస్తే ఇంకా తేలికవుతుంది. పూర్తి నలుపు తెలుపు అన్నిటికంటే తేలిక, కానీ అందులో నీలం రంగు ముద్ర, పలచని సంతకం మాయమవుతాయి. ధ్రువపత్రాలకు 150 డీపీఐ గ్రే స్కేల్ నాకు నచ్చిన మధ్యేమార్గం. ఫోన్ ఒక్కటే ఉంటే గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్ వాడండి. అది కాగితం అంచులు కత్తిరించి నీడలు తుడిచేస్తుంది. నీడలు, కాగితపు నూగు కూడా జేపీజీ దృష్టిలో వివరాలే, వాటిని దాచడానికీ కేబీలు ఖర్చవుతాయి.

ఇప్పటికే ఉన్న బరువైన పీడీఎఫ్‌ను తగ్గించాలంటే, నెట్ సెంటర్ నడిపేవాళ్లకు ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ చెబుతాను. విండోస్‌లో ఈ ఒక్క వరుస చాలు:

```
gswin64c -sDEVICE=pdfwrite -dPDFSETTINGS=/ebook -o chinnadi.pdf asalu.pdf
```

ఇది లోపలి బొమ్మలను 150 డీపీఐకి తెస్తుంది. `/ebook` బదులు `/screen` రాస్తే 72కి దిగుతుంది, అది ధ్రువపత్రానికి చాలా తక్కువ. తగ్గించాక పెద్దది చేసి చూడండి. తెలుగు పత్రమైతే ముందు చెడేది ఒత్తులు. ఊరి పేరు కింద ఒత్తు చుక్కలా అలుక్కుపోయిందంటే మరీ తగ్గించారని తెలుసుకోవచ్చు. సర్టిఫికెట్ నంబరులో 3, 8 విడివిడిగా గుర్తుపట్టగలుగుతున్నారా అన్నది రెండో పరీక్ష.

అయితే ఈ తంతు అవసరమే లేని పత్రాలు చాలా ఉన్నాయి. డిజీలాకర్ నుంచి నేరుగా వచ్చే పీడీఎఫ్‌లో అక్షరాలు సాధారణంగా అక్షరాలుగానే ఉంటాయి, బొమ్మగా ఉండవు. అందుకే అది తేలిగ్గా, స్పష్టంగా ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి, ఫోటో తీసి, మళ్లీ పీడీఎఫ్ చేయడం చూస్తే నాకు బాధేస్తుంది. శుభ్రమైన చిన్న ఫైలును మసక పెద్ద ఫైలుగా మార్చి, తర్వాత దాన్ని తగ్గించడానికి డబ్బిస్తున్నాం. పైగా ఎలక్ట్రానిక్ పత్రం మీద డిజిటల్ సంతకం ఉంటే, దాన్ని కంప్రెస్ చేసినా, మళ్లీ ప్రింట్ చేసి పీడీఎఫ్‌గా దాచినా ఆ సంతకం చెల్లుబాటు పోతుంది. అసలు ఫైలును వేరుగా దాచుకుని నకలు మీదే పని చేయండి.

ఈ-ఆధార్‌తో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది. సైజు, రకం రెండూ సరిగ్గా ఉన్నా ఫారం కాదంటుంది, కారణం దానికి పాస్‌వర్డ్ ఉండటం. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో, పక్కనే పుట్టిన సంవత్సరం, ఇదే ఆ పాస్‌వర్డ్. క్రోమ్‌లో పాస్‌వర్డ్ ఇచ్చి తెరిచి, ప్రింట్ నొక్కి, ప్రింటర్ బదులు `Save as PDF` ఎంచుకుంటే పాస్‌వర్డ్ లేని నకలు వస్తుంది. దాన్ని అప్‌లోడ్ చేశాక నెట్ సెంటర్ కంప్యూటర్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి కూడా తీసేయండి.

అప్‌లోడ్ అయిందన్న పచ్చ అక్షరాలు చూసి వెంటనే ఫైనల్ సబ్మిట్ నొక్కవద్దు. సర్వర్ ఎక్కువగా చూసేది బరువు, రకం. సంతకం గడిలో ఫోటో ఎక్కినా, ఫోటో అడ్డంగా తిరిగి ఉన్నా అది మాట్లాడకపోవచ్చు. ఫోన్‌లో నిలువుగా కనబడిన ఫోటో ఫారంలో పడుకుని కనబడటం కూడా మామూలే, ఎందుకంటే ‘తిప్పి చూపించు’ అన్న సూచన ఫైలులో విడిగా ఉంటుంది, కొన్ని సైట్లు దాన్ని పట్టించుకోవు. ఎడిటర్‌లో ఒకసారి తిప్పి సేవ్ చేస్తే సరిపోతుంది. ఇవన్నీ ప్రివ్యూలో కనబడతాయి. ముఖం, సంతకం స్పష్టంగా లేకపోతే దరఖాస్తు తిరస్కరించవచ్చని ఐబీపీఎస్ సూచనల్లోనే ఉంది, ఫైళ్లు మార్చుకునే అవకాశం ఫైనల్ సబ్మిట్‌కు ముందే ఉంటుంది.